నాట్ల తర్వాత జ్వరం, టీబీ అనుకుంటే మెలియాయిడోసిస్ అన్నారు. తొమ్మిది రోజుల సూదుల తర్వాత కూడా జ్వరం పోలేదు

కాలువగట్టు (మైదుకూరు)

అందరికీ నమస్తే. మా చిన్నాయన గురించి అడుగుతున్నా. వయసు 54, బరువు 62 కిలోలు. చాలా ఏళ్లుగా షుగరు. మాత్రలైతే వేసుకుంటాడు గానీ మూడు పూటలా అన్నమే కావాలి, మూడు నెలల సగటు షుగరు 11 వచ్చింది. కేసీ కెనాల్ కింద వరి పెడతాడు. ఈసారి వానలు వదలకుండా పడ్డాయి. దమ్ము చేసిన దగ్గర నుంచి నాట్లు అయ్యేదాకా ఉత్త కాళ్లతో మడిలోనే ఉన్నాడు. మడమకు పగుళ్లున్నాయి. నాట్లయిన వారం పది రోజులకు జ్వరం పట్టుకుంది.

మొదట టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్ సూదులు వేశారు. దిగినట్టే దిగి మళ్లీ ఎక్కింది. తర్వాత దగ్గు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైన మచ్చ కనపడింది. కఫం పరీక్షలో టీబీ లేదని వచ్చినా ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెట్టారు. రెండు వారాలు వాడేసరికి మనిషి సగమయ్యాడు, పైగా ఎడమ మోకాలు వాచింది. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మోకాల్లో చీము తీసి శుభ్రం చేసి, ఆ చీమూ రక్తమూ కల్చర్‌కు పంపారు. రెండింట్లోనూ మెలియాయిడోసిస్ తెచ్చే మట్టి క్రిమే వచ్చిందట.

ఇప్పుడు సెఫ్టాజిడైమ్ 2 గ్రాములు ఎనిమిది గంటలకొకసారి ఎక్కిస్తున్నారు. ఈరోజుకు తొమ్మిది రోజులు. ఆకలి వచ్చింది, దగ్గు తగ్గింది. కానీ రాత్రయితే 102 జ్వరం. మందు పని చేయడం లేదా? ఇంకోటి, ఇది అయ్యాక నెలల తరబడి మాత్రలు వాడాలంటున్నారు. జ్వరం తగ్గాక కూడా ఎందుకు? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

మందులషాపు (ప్రొద్దుటూరు)

అన్నా, తొమ్మిది రోజులకు జ్వరం దిగలేదంటే మందు మార్చాల్సిందే. ఏ యాంటీబయాటిక్ అయినా మూడు రోజుల్లో పని తెలియాలి. మెరోపెనెమ్ అడగండి, దానికంటే పెద్ద మందు అది. బురదలో దిగాక వచ్చే జ్వరం కదా, ఎలుక జ్వరం కూడా ఉండొచ్చు. డాక్సీసైక్లిన్ వేస్తే రెండింటికీ సరిపోతుంది. మా షాపుకు వచ్చేవాళ్లకు చాలామందికి దాంతోనే తగ్గింది.

ల్యాబ్ పాతకాపు (కడప)

మందుల సంగతి డాక్టర్లు చెప్తారు, నేను కల్చర్ గురించి చెప్తా. ఎందుకంటే చాలా కేసులు మా బల్లల మీదే దారి తప్పుతాయి.

చీముకు రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఈ క్రిమి రెండు కొసల్లో రంగు పట్టి, మధ్యలో ఖాళీగా, పిన్నీసులా కనపడుతుంది. అన్నిసార్లూ కాదు. మరుసటి రోజు ప్లేటు మీద కాలనీలు నున్నగా, మామూలుగా ఉంటాయి. మూడు నాలుగు రోజులు ఓపిక పడితే ముడతలు పడతాయి. అంతదాకా ఎవరుంచుతారు? రెండో రోజుకే "సూడోమోనాస్ జాతి" అని రాసి రిపోర్టు పంపేస్తారు. లేదంటే బయటి నుంచి కలిసిన క్రిమి అని పక్కన పెడతారు. మెషీన్లు కూడా అప్పుడప్పుడు దీన్ని దగ్గరి చుట్టమైన బర్ఖోల్డేరియా సెపాసియా అని చెప్తాయి.

పట్టుకునే గుర్తు మందుల పట్టికలోనే ఉంది. జెంటామైసిన్‌కు లొంగదు, కొలిస్టిన్‌కు లొంగదు, కానీ అమాక్సిక్లావ్‌కు లొంగుతుంది. మామూలు సూడోమోనాస్‌ది ఇంచుమించు దీనికి తలకిందులు, అది అమాక్సిక్లావ్‌ను లెక్కే చేయదు. షుగరున్న రైతు చీములో ఈ మూడూ కలిసి కనపడితే ల్యాబ్ వాళ్లు ఫోన్ తీయాలి. మీ చిన్నాయన పాత రిపోర్టులుంటే తీసి చూడండి, ముందే ఎక్కడో వచ్చి ఉండొచ్చు.

ఇంకో మాట. శాంపిల్ పంపేటప్పుడు "మెలియాయిడోసిస్ అనుమానం" అని కాగితం మీద రాయమనండి. ప్లేటు మూత తీసి వాసన చూసే పాత అలవాటు మాలో కొందరికి ఇంకా పోలేదు. దీంతో అది ప్రమాదం.

అనంత మెట్టరైతు (కళ్యాణదుర్గం)

నాకూ అరికాలు పగిలి నెల నుంచి పుండు మానడం లేదు. షుగరుంది. శెనక్కాయ చేను, వరి లేదు. మట్టిలోంచి వచ్చేదంటున్నారు కదా, నాదీ ఇదేనా? పసుపు, వేపాకు పెడుతున్నా. బ్లీచింగ్ పొడి చల్లితే చేలో క్రిమి చస్తుందా?

డాక్టరమ్మ (జనరల్ మెడిసిన్, కర్నూలు)

కాలువగట్టు గారూ, ముందు మీ మొదటి ప్రశ్న. ఈ జబ్బులో సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి సగటున తొమ్మిది రోజులు పడుతుంది. లోపల చీము గడ్డలుంటే ఇంకా ఎక్కువ, ఒక్కోసారి నెల. కాబట్టి మూడు రోజుల లెక్క ఇక్కడ పనికిరాదు. జ్వరం ఒక్కటే చూసి మందు మార్చం. బీపీ పడిపోతుందా, ఆయాసం పెరుగుతుందా, కొత్తచోట వాపు వచ్చిందా, వారం తర్వాత మళ్లీ చేసిన రక్తం కల్చర్‌లో క్రిమి ఇంకా ఉందా, ఇవి చూస్తాం. వీటిలో ఏదైనా ఉంటే అప్పుడు మెరోపెనెమ్ మాట. ఆకలి వచ్చింది, దగ్గు తగ్గింది అన్నారు. అది మంచిదే.

అయితే జ్వరం నిలబడి ఉంటే ఇంకెక్కడైనా చీము దాగి ఉందేమో వెతకాలి. ఈ క్రిమి ఒకచోట ఉండదు. ఒకరికి నిమోనియాగా వస్తుంది, ఒకరికి కాలేయంలో, ప్లీహంలో గడ్డలుగా వస్తుంది, ఒకరికి కీలులో, ఒకరికి తోలు మీద మానని పుండుగా. మీ చిన్నాయనకు ఊపిరితిత్తిలోనూ మోకాల్లోనూ వచ్చిందంటే రక్తం ద్వారా పాకిందన్నమాట. పొట్ట, పొత్తికడుపు స్కాన్ చేశారా? మూత్రం పోసుకోవడంలో ఇబ్బంది ఉందా? మగవాళ్లకు ప్రోస్టేట్‌లో గడ్డ కట్టడం ఈ జబ్బులో తరచుగా ఉంటుంది. వయసుకు అంతేలే అని వాళ్లు చెప్పుకోరు, మేమూ కొన్నిసార్లు అడగం.

మందులషాపు తమ్ముడూ, ఎలుక జ్వరం గురించి నువ్వన్నది అనుమానించాల్సిందే, మడిలో దిగినవాళ్లకు రెండూ వస్తాయి. కానీ ఇక్కడ రక్తంలోనూ చీములోనూ క్రిమి దొరికింది. ఈ దశలో డాక్సీసైక్లిన్ ఒక్కటే వేస్తే మనిషి దక్కడు.

మెట్టరైతు గారూ, షుగరున్నవాళ్లకు మానని పుండ్లు చాలావరకు వేరే కారణాల వల్లే. అయినా నెల దాటింది కదా, పసుపు ఆపి పుండు లోపలి నుంచి కల్చర్ చేయించుకోండి. వరి లేదు కాబట్టి రాదు అనుకోవద్దు. ఈ క్రిమి మట్టి లోతుల్లో ఉంటుంది, వానకు తడి పైకొచ్చినప్పుడు అదీ పైకొస్తుంది. బ్లీచింగ్‌తో చేను బాగుపడదు, డబ్బు దండగ.

కాలువగట్టు

మేడమ్, మీరడిగాక చిన్నాయనను గట్టిగా అడిగాం. రెండు వారాలుగా రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడట, ధార సన్నబడిందట, మంట కూడా. ఎవరికీ చెప్పలేదు. పొట్టకు స్కాన్ తీశారు గానీ అది మామూలు అల్ట్రాసౌండ్, ప్లీహంలో రెండు చిన్న గడ్డలున్నాయని రాశారు. ప్రోస్టేట్ మాట లేదు.

ల్యాబ్ అన్నా, మీరు చెప్పినట్టే పాత ఫైలు తీశాను. మొదటి ఆసుపత్రిలో చేసిన కఫం కల్చర్‌లో "సూడోమోనాస్ జాతి" అనే ఉంది. జెంటామైసిన్ ఆర్, కొలిస్టిన్ ఆర్, అమాక్సిక్లావ్ ఎస్. టీబీ మందులు మొదలుపెట్టిన మరుసటి రోజు వచ్చిన రిపోర్టు. దాన్ని ఎవరూ చూడలేదు.

ల్యాబ్ పాతకాపు

చూడండి మరి. ఇది కొత్త క్రిమేమీ కాదు. 1911లో రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి శవపరీక్షల్లో చూసి బయటపెట్టిన క్రిమి. మన ఊళ్లలో పేరు వినపడింది మాత్రం 2025లో గుంటూరు దగ్గర తురకపాలెం మరణాలప్పుడు, అదీ అనుమానంగా. కల్చర్ చేసి చూసినవాళ్లకే దొరుకుతుంది. రక్తం కల్చర్ ఒకటి నెగటివ్ వచ్చినంత మాత్రాన లేదని కాదు, పది మందిలో నలుగురికి దొరక్కపోవచ్చు. అందుకే మూత్రం, గొంతు, చీము అన్నీ పంపాలి. ఒకసారి కాదు, అనుమానం ఉన్నంతకాలం.

డాక్టరమ్మ

ప్లీహంలో చిన్న గడ్డలను సాధారణంగా కోయం, మందుకే కరుగుతాయి. ప్రోస్టేట్‌లోది అలా కాదు, అందులోకి మందు సరిగా చేరదు, చీము తీయాల్సి వస్తుంది. మీరు చెప్పిన లక్షణాలకు పొత్తికడుపు సీటీ స్కాన్ అడగండి. రేపటికి వాయిదా వేయొద్దు.

బద్వేలు అమ్మాయి

ఇది చదువుతుంటే మా నాయన గుర్తొచ్చి రాస్తున్నా. ఆయనకు కాలేయంలో గడ్డ. సూదులన్నీ అయిపోయి ఇంటికొచ్చాం, బరువు పెరిగాడు, జ్వరం లేదు. మాత్రలు వేసుకుంటే వాంతి వచ్చినట్టుండేది, ఆరో వారంలో ఎవరికీ చెప్పకుండా మానేశాడు. డబ్బాలు మాత్రం తెప్పించుకుంటూనే ఉన్నాడు, అటక మీద దొరికాయి. మళ్లీ వానాకాలం వచ్చేసరికి జ్వరం, ఈసారి నడుము ఎముకలో. మొత్తం చికిత్స మొదటి నుంచి, ఎముక కాబట్టి మాత్రలు ఆరు నెలలు. ఇప్పుడు బాగున్నాడు గానీ మునుపటిలా వంగలేడు.

నాకిప్పటికీ తెలియనిది, అది పాతదే తిరగబెట్టిందా, మళ్లీ మడిలో దిగాడు కాబట్టి కొత్తగా పట్టిందా?

డాక్టరమ్మ

అమ్మా, రెండూ సాధ్యమే. అప్పటి క్రిమినీ ఇప్పటి క్రిమినీ జన్యుపరంగా పోల్చితే తప్ప చెప్పలేం, మామూలు ఆసుపత్రిలో అది జరగదు. ఆరు వారాలకే ఆపారంటే తిరగబెట్టిందనే నేను ఎక్కువ అనుమానిస్తాను.

మాత్రలు అన్ని నెలలు ఎందుకో కాలువగట్టు గారి ప్రశ్నకూ ఇదే జవాబు. ఈ క్రిమి మన కణాల లోపలికి దూరి కూర్చుంటుంది. సూదులు రక్తంలో ఉన్నవాటిని, ప్రాణం తీసేవాటిని కొడతాయి. లోపల నిద్రపోయేవి మిగులుతాయి. వాటి కోసమే కోట్రైమాక్సజోల్ మాత్రలు, కనీసం మూడు నెలలు. థాయిలాండ్‌లో చాలాకాలం ఐదు నెలలు ఇచ్చారు. మూడు చాలా, ఐదు కావాలా అన్నదాని మీద మాలో ఇంకా ఒక మాట లేదు, షుగరు అదుపులో లేనివాళ్లకు నేను ఐదు వైపే మొగ్గుతాను. మూడుకు తక్కువ మాత్రం ఎవరూ చెప్పరు.

మందులషాపు

మేడమ్, ఒక అనుమానం. కోట్రైమాక్సజోల్ డీఎస్ అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మా దగ్గరికి వచ్చిన ఒక చీటీలో పొద్దున రెండు, రాత్రి రెండు అని ఉంది. రాతలో పొరపాటు అనుకుని ఒకటి ఒకటి చొప్పునే వేసుకోమన్నా. సల్ఫా మందు కదా, అంత మోతాదుకు కిడ్నీలు పోవా?

డాక్టరమ్మ

ఆ చీటీ ఈ జబ్బుకు రాసినదైతే పొరపాటు కాదు తమ్ముడూ. అరవై కిలోలు దాటినవాళ్లకు పూటకు రెండు డీఎస్, నలభై నుంచి అరవై మధ్య ఉన్నవాళ్లకు పూటకు ఒకటిన్నర. మూత్రం ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే మోతాదు దీనికి సగం వైద్యమే, అలా వాడితే బద్వేలు అమ్మాయి నాయనకు జరిగిందే జరుగుతుంది. ఆ మనిషికి ఈరోజే ఫోన్ చేసి, రాసిన డాక్టరుతో మాట్లాడమని చెప్పు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గిస్తాం, అది క్రియాటినిన్ చూసి డాక్టరు తగ్గించాలి, షాపులో కాదు.

నీ భయం వట్టిది కాదు. ఈ మాత్రకు కాపలా కావాలి. మొదట్లో వారం వారం, తర్వాత దూరం దూరంగా క్రియాటినిన్, పొటాషియం, రక్తకణాల లెక్క చూడాలి. ఈ మాత్రకు ఎర్ర రక్తకణాలు పగిలే పుట్టు లోపం ఉందేమో తెలియడానికి, మొదలుపెట్టే ముందు జీ6పీడీ పరీక్ష చేస్తే మంచిది. ఫోలిక్ యాసిడ్ తోడుగా ఇస్తాం. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, తోలు ఊడటం వస్తే ఆ పూట మాత్ర వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి రావాలి. వాంతి వచ్చినట్టుండటం వేరే సంగతి. తిన్నాక వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది, లేదంటే మాకు చెప్తే దారి చూస్తాం.

షుగరు రైతుల విషయంలో రెండు చోట్ల దెబ్బ తగులుతుంది, నువ్వు షాపులో చూడగలిగినవి కూడా ఇవే. ఒకటి, గ్లిమెపిరైడ్ వాడుతున్నవాళ్లకు ఈ మాత్ర కలిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తెల్లవారుజామున మాట తడబడటం. రెండు, బీపీకి టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు పొటాషియం పెరుగుతుంది. అది పైకి ఏమీ కనపడకుండానే గుండె మీద పడుతుంది.

కాలువగట్టు

చిన్నాయనకు గ్లిమెపిరైడ్ ఉంది, టెల్మిసార్టాన్ కూడా ఉంది! ఇప్పుడు ఆసుపత్రిలో ఇన్సులిన్ ఇస్తున్నారు. డిశ్చార్జి రోజు పాత మాత్రలు మళ్లీ మొదలుపెట్టమంటారేమో, అడుగుతా.

సల్ఫా పడనివాళ్లకు ఏం చేస్తారు మేడమ్?

డాక్టరమ్మ

ఇన్సులిన్ మీదే ఉంచమనండి, కనీసం ఈ మాత్రలు అయ్యేదాకా. అసలు ఈ జబ్బు లోపలికి రావడానికి తలుపు తీసింది ఆ 11 షుగరే. సల్ఫా పడకపోతే డాక్సీసైక్లిన్, లేదా ఎక్కువ మోతాదులో రోజుకు మూడుసార్లు అమాక్సిక్లావ్. వాటితో తిరగబెట్టడం కొంచెం ఎక్కువ, కాబట్టి రెండో వరసే.

కాలువగట్టు

వారం తర్వాత రాస్తున్నా. సీటీలో ప్రోస్టేట్‌లో గడ్డ కనపడింది. యూరాలజీ వాళ్లు చీము తీశారు, దాంట్లోనూ ఇదే క్రిమి. తీసిన మూడో రోజు నుంచి జ్వరం 100 దాటలేదు. రక్తం కల్చర్ ఈసారి నెగటివ్. మందు మార్చలేదు, సెఫ్టాజిడైమే నడుస్తోంది, దాంతోపాటు కోట్రైమాక్సజోల్ కూడా ఇప్పుడే మొదలుపెట్టారు.

కానీ ఇంట్లో గొడవ. మోకాలు శుభ్రం చేసిన రోజు నుంచి నాలుగు వారాల సూదులు అన్నారు కదా, సగం అయిపోయిందని అందరం లెక్కపెట్టుకున్నాం. ఇప్పుడు ప్రోస్టేట్ చీము తీసిన రోజు నుంచి మళ్లీ నాలుగు వారాలంటున్నారు. బిల్లు కోసమే లాగుతున్నారని మా మామ ఆసుపత్రిలోనే కేకలేశాడు. చిన్నాయనేమో నాట్లు అయినాయి, కలుపు తీయాలి, ఇంటికి పంపండంటున్నాడు.

డాక్టరమ్మ

మీ మామగారికి చెప్పండి, ఇది లాగడం కాదు, లెక్క పద్ధతే అది. క్రిమి ఉన్న చీము ఆఖరిసారి ఎప్పుడు తీశారో ఆ రోజు నుంచి లెక్క మొదలవుతుంది. నిన్నటిదాకా ఆ గడ్డలో మందు చేరనిచోట క్రిమి బతికే ఉంది కదా. మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టడం కూడా సరైనదే. కీలు, ప్రోస్టేట్ ఉన్నప్పుడు సూదులతో కలిపి ఇస్తారు. అయితే ఆ మూడు నెలల లెక్క మాత్రం సూదులు ముగిసిన రోజు నుంచే. మీరు ఇప్పటి నుంచి లెక్కపెట్టుకుని నెల ముందే ఆపేస్తారేమో, అందుకే ముందుగా చెప్తున్నా.

పాత టీబీ మందుల సంగతేంటి, ఆపారా? అవి ఆయన ఒంట్లో ఉన్నంతకాలం మిగతా మందుల లెక్క చెడుతుంది.

కాలువగట్టు

మొదటి రోజే ఆపేశారు మేడమ్. కఫం మళ్లీ పంపారు, టీబీ లేదనే వచ్చింది. ఇంట్లో పిన్నికి, పిల్లలకు అంటుకుంటుందా?

డాక్టరమ్మ

మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు. గిన్నెలు వేరు చేయొద్దు. అదే మడిలో దిగే షుగరు మనుషులు ఇంకెవరున్నారో చూడండి.

అనంత మెట్టరైతు

కల్చర్ చేయించా, స్టాఫ్ అనే వేరే క్రిమి వచ్చింది, మందు ఇచ్చారు. కాలువగట్టన్నా, మీ చిన్నాయన మళ్లీ మడిలో దిగొచ్చా? మాకైతే బూట్లేసుకుని పని చేయమంటారు ఆసుపత్రిలో, వాళ్లొకసారి దుక్కిలో బూట్లతో నడిచి చూడాలి.

ల్యాబ్ పాతకాపు

బురదలో బూటు కూరుకుపోతుందన్నది నిజమే. మోకాలిదాకా వచ్చే రబ్బరు బూట్లు గెనిమల మీద, కాలువ పనికి పనికొస్తాయి, నాట్లకు పనికిరావు. పుండున్న రోజు దిగకుండా నాట్లకు కూలీ పెట్టుకోవడమే నాకు తోచేది. ఆ కూలీకి షుగరుంటే ఎట్లా అంటే నా దగ్గర జవాబు లేదు.

డాక్టరమ్మ

మాత్రలు పూర్తయ్యేదాకా దిగొద్దనే నేను చెప్తాను. ఆ తర్వాత దిగితే మళ్లీ పట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఒకసారి వచ్చినంత మాత్రాన ఒంటికి రక్షణ వచ్చేయదు. టీకా లేదు. గాలివాన పడుతున్నప్పుడు చేలో ఉంటే ఊపిరితో కూడా పోతుంది, కాబట్టి కాళ్లొక్కటే కాపాడుకుంటే చాలదు.

కాలువగట్టు

కలుపుకు మనుషుల్ని పెట్టాం, చిన్నాయనకు ఫోన్లో వీడియో చూపిస్తున్నా. ఇంటికొచ్చాక పొటాషియం, క్రియాటినిన్ ప్రతిసారీ కడపకు పోకుండా దగ్గర్లో ఎక్కడైనా చేస్తారా? వైద్య సేవ కార్డు మీద ఈ పరీక్షలు, మాత్రలు వస్తాయో లేదో ఎవరికైనా తెలుసా?

మందులషాపు

కార్డు సంగతి తెలియదన్నా. పొటాషియం, క్రియాటినిన్ ప్రొద్దుటూరులో చేస్తారు, పొద్దున రక్తం ఇస్తే సాయంత్రానికి రిపోర్టు. రక్తం తీసి గంటల తరబడి పక్కన పెడితే పొటాషియం తప్పుగా ఎక్కువ చూపిస్తుందట, కాబట్టి ఊళ్లో తీయించి బస్సులో పంపొద్దు, మనిషినే తీసుకురండి. జీ6పీడీ మాత్రం బయటికి పంపుతారు, రెండు మూడు రోజులు పడుతుంది. అదేదో డిశ్చార్జి కాకముందే ఆసుపత్రిలో చేయించేయండి. ఆ రెండు రెండు చీటీ ఆయనకు ఫోన్ చేశా, ఎత్తడం లేదు. రేపు వాళ్ల ఊరికి పోయే ఆటో వాడితో కబురు పంపుతున్నా.